రక్తదాన శిబిరానికి ముహూర్తం

"మే 10, ఆదివారం. ఉదయం 8 నుంచి 11 గంటల వరకు. జిల్లా పరిషత్ హైస్కూల్ ఆవరణ. 18 నుంచి 65 ఏళ్ల లోపు, కనీసం 45 కిలోల బరువున్న ఆరోగ్యవంతులు అర్హులు. టిఫిన్ చేసి రండి."

మండల కేంద్రంలోని ఒక యువజన సంఘం వాట్సాప్‌లో ఇలా పోస్టు పెట్టిందనుకుందాం. చూడగానే వచ్చే మొదటి ప్రశ్న: మండుటెండల్లో, పెళ్లిళ్ల సీజన్‌లో, కాలేజీలకు సెలవులిచ్చాక ఇదేం తేదీ? ఆగస్టు 15న పెట్టుకుంటే ఊరంతా వస్తుంది కదా! అసలు కిటుకు అక్కడే ఉంది. శిబిరం విషయంలో ఎంతమంది వచ్చారన్నది ఎంత ముఖ్యమో, ఏ రోజు వచ్చారన్నదీ అంతే ముఖ్యం.

తెలుగునాట శిబిరాల క్యాలెండర్ ఒకసారి చూడండి. ఆగస్టు 9 మహేశ్‌బాబు పుట్టినరోజు. 15 స్వాతంత్ర్య దినోత్సవం. 22 చిరంజీవి పుట్టినరోజు. సెప్టెంబరు 2 పవన్ కల్యాణ్ పుట్టినరోజు. పాతిక రోజుల్లో నాలుగు పెద్ద సందర్భాలు. అభిమాన సంఘాల వాళ్లకు రక్తదానం అలవాటు చేసిన ఘనత సినిమా వాళ్లదే, అందులో వంక పెట్టాల్సింది లేదు. ఇబ్బంది ఎక్కడంటే, అందరూ ఒకేసారి ఇచ్చిన రక్తం అందరికీ ఒకేసారి కాలం చెల్లిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. ఆగస్టు 15న ఒక సంఘం తరఫున వందమంది రక్తం ఇచ్చారు. బ్లడ్ సెంటర్‌లో ఆ రక్తాన్ని మూడు భాగాలుగా విడదీస్తారు. ప్లేట్‌లెట్స్‌ను 20 నుంచి 24 డిగ్రీల మధ్య, ఆగకుండా మెల్లగా కదిలించే యంత్రం మీద ఉంచుతారు. ఇంత చేసినా వాటి ఆయుష్షు ఐదు రోజులే, అంటే ఆగస్టు 20 వరకు. ఎర్ర రక్తకణాలు ఫ్రిజ్‌లో, సంచిలో వాడిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు నిలుస్తాయి. ఎంత లాగినా సెప్టెంబరు 26తో సరి. ప్లాస్మాను గడ్డకట్టించి దాస్తే ఏడాది పాటు ఉంటుంది కాబట్టి దానితో చిక్కు లేదు.

ఇప్పుడు దాతల వైపు నుంచి చూడండి. రక్తమిచ్చిన మగవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే 90 రోజులు ఆగాలి. ఆగస్టు 15న ఇచ్చినవాళ్లకు ఆ గడువు నవంబరు 13కి తీరుతుంది. ఆడవాళ్లకు 120 రోజులు, అంటే డిసెంబరు 13. సెప్టెంబరు 26 తర్వాత ఆ వందమంది ఇచ్చిన ఎర్రకణాల్లో ఒక్క సంచీ వాడకానికి పనికిరాదు, నవంబరు 13 దాకా ఆ వందమందిలో ఒక్కరూ మళ్లీ ఇవ్వలేరు. మధ్యలో ఏడు వారాలు ఖాళీ. ఆ ఏడు వారాల్లోనూ తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తూనే ఉండాలి, కాన్పులు ఆగవు, రోడ్డు ప్రమాదాలు అసలే ఆగవు. డెంగీ జ్వరాలు ముదిరేదీ ఆ రోజుల్లోనే. డెంగీ వచ్చిన ప్రతివాళ్లకూ ప్లేట్‌లెట్స్ ఎక్కించక్కర్లేదు గానీ, కావలసినవాళ్లకు ఐదు రోజుల లోపు సేకరించినవే కావాలి.

కాబట్టి వందమంది సభ్యులున్న సంఘం చేయవలసిన పని, వందమందినీ ఒక్క రోజున వరుసలో నిలబెట్టడం కాదు. జాబితాను మూడు ముక్కలు చేసి, బ్లడ్ సెంటర్ వాళ్లను "మీకు ఏ వారంలో కొరత?" అని అడిగి తేదీలు పెట్టుకోవడం. వేసవి అనే జవాబు తరచుగా వస్తుంది. కాలేజీ పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతారు, ఎండకు భయపడి శిబిరాలు తగ్గుతాయి. మన పోస్టులో మే 10 వచ్చింది అందుకే. నెగెటివ్ గ్రూపుల వాళ్లను శిబిరానికి పిలవకుండా, ఫోన్ నంబర్లు తీసుకుని అవసరమైనప్పుడు పిలిస్తే ఇంకా మంచిదని నా అభిప్రాయం. తక్కువగా దొరికే రక్తం ఫ్రిజ్‌లో కాలం చెల్లడం కంటే దాత ఒంట్లో ఉండటమే మేలు.

ఇక సమయం. 8 నుంచి 11 అనడంలో ఎండ ఒక్కటే కారణం కాదు. శిబిరానికి వచ్చే బృందం ఎంత ఉండాలో ఔషధ నియమాల్లోనే రాసి ఉంది. మూడు గంటల్లో 50 నుంచి 70 మంది దగ్గర, లేదా ఐదు గంటల్లో 100 నుంచి 120 మంది దగ్గర రక్తం తీయాలంటే ఒక వైద్యాధికారి, ఇద్దరు నర్సులు, ముగ్గురు టెక్నీషియన్లు, మరికొందరు సహాయకులు, ఆరు నుంచి ఎనిమిది మంచాలు కావాలి. మన సంఘం మూడు గంటలు పెట్టుకుంది కాబట్టి అరవై పేర్లు రాసుకుంటే సరిపోతుంది. ఫ్లెక్సీ మీద "రెండు వందల మందితో మెగా శిబిరం" అని వేయించి ఈ బృందాన్నే పిలిస్తే ఏమవుతుంది? వరుస పెరుగుతుంది. డాక్టరు ఒక్కొక్కరితో మాట్లాడే సమయం తరుగుతుంది. తిన్న టిఫిన్ అరిగిపోయేదాకా ఎండలో నిలబడ్డవాళ్లు మంచం దిగగానే కళ్లు తిరిగి పడతారు.

ఇంకో గడియారం కూడా నడుస్తూ ఉంటుంది. తీసిన రక్తం నుంచి ప్లేట్‌లెట్స్ వేరు చేయాలంటే దాదాపు ఆరు గంటల్లో అది సెంటర్‌కు చేరి, యంత్రంలో తిరగాలి. ఎనిమిదింపావుకు మొదటి సంచి నిండింది. పదకొండున్నరకు వ్యాన్ బయలుదేరితే గంట ప్రయాణం తర్వాత పన్నెండున్నరకు సెంటర్‌లో ఉంటుంది. చేతిలో ఇంకా గంటన్నరకు పైగా ఉన్నట్టు. అదే, ఎనిమిదికి రావలసిన ముఖ్య అతిథి పదింటికి వచ్చారనుకోండి. మొదట ఇచ్చిన నలుగురిని మళ్లీ పడుకోబెట్టి ఫొటోలు దిగి, ఉపన్యాసాలు ముగించేసరికి ఒంటిగంట దాటుతుంది. మొదటి సంచుల్లోని ప్లేట్‌లెట్స్ ఇక దక్కవు. ఫొటోల కార్యక్రమం చివర్లో పెట్టుకుని, వ్యాన్‌ను ముందు పంపించేయడం ఉత్తమం. అన్నట్టు, పిలిచే సెంటర్‌కు శిబిరాలు నడిపే అర్హత, రక్తాన్ని విడదీసే సౌకర్యం ఉన్నాయో లేదో ముందే అడగాలి. విడదీసే సౌకర్యం లేని చోట ఒక సంచి రక్తం ఒక్క రోగికే పనికొస్తుంది.

అర్హత విషయానికి వస్తే, పోస్టులో రాసినవి వాకిలి మాత్రమే. వయసు 18 నుంచి 65, నిజమే. కానీ మొదటిసారి ఇచ్చేవాళ్లకు 60 దాటకూడదు. బరువు 45 కిలోలుంటే 350 మిల్లీలీటర్ల సంచి, 55 కిలోలు దాటితే 450 సంచి. 45 కిలోల మనిషి ఒంట్లో సుమారు మూడు లీటర్ల రక్తం ఉంటుంది, అందులోంచి అంతకు మించి తీస్తే తట్టుకోవడం కష్టం. "భయంగా ఉంది, సగం తీయండి చాలు" అనేవాళ్లుంటారు. అదీ కుదరదు. 350 సంచిలో రక్తం గడ్డకట్టకుండా 49 మిల్లీలీటర్ల మందు ముందే పోసి ఉంటుంది. రక్తం సగమే పడితే మందు పాళ్లు ఎక్కువై, ఆ సంచిని మామూలుగా పారేయాల్సి వస్తుంది.

చాలామంది వెనక్కి తిరిగేది హిమోగ్లోబిన్ దగ్గర. మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా 12.5 గ్రాములు ఉండాలి. శిబిరాల్లో దీన్ని చూసే పాత పద్ధతి చాలా ముచ్చటైనది. గాజు పాత్రలో నీలిరంగు కాపర్ సల్ఫేట్ ద్రావణం ఉంటుంది. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను అందులో వదులుతారు. పదిహేను సెకన్ల లోపు చుక్క మునిగితే హిమోగ్లోబిన్ చాలినంత ఉన్నట్టు. తేలితే, మధ్యలో ఊగిసలాడితే లేనట్టు. ద్రావణం సాంద్రతను సరిగ్గా 12.5 గ్రాములకు సరిపోయేలా కలుపుతారు. ఇక్కడ ఎక్కువగా ఆగిపోయేది అమ్మాయిలు. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. చుక్క తేలిన అమ్మాయిని "నీకు కుదరదమ్మా" అని పంపేస్తే పని సగమే అయినట్టు. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చీటీ రాసి పంపాలి.

తర్వాత ప్రశ్నల కాగితం. మలేరియా వచ్చి పూర్తిగా తగ్గాక మూడు నెలలు, డెంగీ అయితే ఆరు నెలలు, టైఫాయిడ్ అయితే ఏడాది ఆగాలి. పచ్చబొట్టు వేయించుకున్నా, చెవులు కుట్టించుకున్నా ఏడాది. బిడ్డకు పాలిచ్చే తల్లులు ఇవ్వకూడదు. షుగర్‌కు మాత్రలు వాడుతూ, గత నాలుగు వారాల్లో మోతాదు మారకుండా అదుపులో ఉంటే ఇవ్వొచ్చు, ఇన్సులిన్ తీసుకుంటే కుదరదు. రాత్రంతా డ్యూటీ చేసి నిద్ర లేకుండా వచ్చినవాళ్లు, శనివారం ఒక్కపొద్దుండి ఆదివారం పొద్దున్నే ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లు ఆ రోజుకు ఆగాల్సిందే. లారీ, బస్సు నడిపేవాళ్లు తర్వాతి డ్యూటీకి 24 గంటల వ్యవధి చూసుకుని రావాలి.

ఈ కాగితంలో అబద్ధం రాస్తే ఎలాగూ పరీక్షలో తెలుస్తుంది కదా అనుకుంటారు కొందరు. సేకరించిన ప్రతి సంచినీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియాలకు పరీక్షించే మాట నిజమే. అయితే వైరస్ ఒంట్లో చేరిన తొలి రోజుల్లో ఏ పరీక్షకూ దొరకని కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో అడ్డుపడగలిగేది దాత నోటి నిజమొక్కటే. అందుకే డాక్టరు నలుగురి ముందు కాకుండా పక్కకు పిలిచి అడగాలి. మన సంఘం హైస్కూల్లో ఒక గదిని దీనికోసమే కేటాయించాలి. స్నేహితుల గుంపులో నిలబెట్టి అడిగితే ఏ కుర్రాడూ నిజం చెప్పడు.

సూది తీశాక పది, పదిహేను నిమిషాలు కూర్చోమంటే, చాలామంది సెల్ఫీ దిగి బైకెక్కేస్తారు. మొహం పాలిపోవడం, చెమటలు, ఆవలింతలు కనిపిస్తే స్పృహ తప్పేలా ఉన్నట్టు. అక్కడికక్కడే పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెడితే కాసేపట్లో తేరుకుంటారు. కొత్తవాళ్లలో, సన్నగా ఉండేవాళ్లలో, సరిగా తినకుండా వచ్చినవాళ్లలో ఇది ఎక్కువ. వచ్చే ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగిస్తే చాలావరకు తప్పుతుంది. మే నెలలో మజ్జిగ కుండ బయట కాదు, దాతలు కూర్చునే చోట పెట్టాలి.

ఇంటికి పంపే ముందు సంఘం చేయాల్సిన పని ఇంకొకటుంది. ప్రతి పేరు పక్కనా ఇచ్చిన తేదీతో పాటు, మళ్లీ ఎప్పుడు ఇవ్వొచ్చో కూడా రాసుకోవాలి. మే 10న ఇచ్చిన మగవాళ్లకు ఆగస్టు 8కి, ఆడవాళ్లకు సెప్టెంబరు 7కి గడువు తీరుతుంది. అంటే కుర్రాళ్లు బెంగపెట్టుకోనక్కర్లేదు, ఆగస్టులో అభిమాన హీరో పుట్టినరోజు శిబిరానికీ వాళ్లు నిక్షేపంగా వెళ్లొచ్చు.