చివరి లైను మాత్రమే మిగిలితే

“ఏ ఇద్దరు అమ్మాయిలూ పక్కపక్కన రాకుండా ఎన్ని రకాలుగా కూర్చోబెట్టవచ్చు?”

ఇంటర్‌లో ప్రస్తారాలు, సంయోగాలు చదివే పిల్లలు లెక్కల సార్‌కి ఫోన్‌లో పంపే డౌట్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఇందులో పిల్లల అశ్రద్ధ కంటే లెక్క అచ్చయ్యే తీరే ఎక్కువ కారణం. ఎంతమంది, ఎక్కడ కూర్చుంటారు అన్నది పైన ఒక్కసారే చెప్పి, కింద (i), (ii), (iii) అని విడివిడిగా అడుగుతారు. రానిది మూడోది కాబట్టి విద్యార్థి మూడోదాన్నే టైప్ చేస్తాడు. పైన ఉన్నదంతా అతని మనసులో ఉంది, చదివేవాళ్లకు మాత్రం చేరలేదు.

పోయిన లైనులో 5 మంది అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు ఉన్నారనుకుందాం. అందరూ ఒకే వరుసలో కూర్చుంటే ముందు అబ్బాయిలను 5! అంటే 120 రకాలుగా కూర్చోబెడతాం. వాళ్ల మధ్య, రెండు చివర్లా కలిపి 6 ఖాళీలు వస్తాయి. ఒక్కో ఖాళీలో ఒక్క అమ్మాయికే చోటు. నలుగురిని ఆ 6 ఖాళీల్లో 6×5×4×3 = 360 రకాలుగా పెట్టొచ్చు. మొత్తం 120×360 = 43,200.

అదే గుండ్రటి బల్ల అయితే చివర్లు ఉండవు. బల్ల చుట్టూ అందరూ ఒక్కో కుర్చీ జరిగినా అదే అమరిక కాబట్టి అబ్బాయిలకు 4! = 24 రకాలే. ఖాళీలు 5, అమ్మాయిలకు 5×4×3×2 = 120. జవాబు 2,880కి పడిపోయింది. బల్ల చుట్టూ కుర్చీలకు నంబర్లు వేసి ఉంటే ఒక్కో కుర్చీ జరగడం కొత్త అమరిక అవుతుంది. అప్పుడు దాన్ని 9తో గుణించాలి, 25,920. చివరి లైను ఒక్కటే, జవాబులు మూడు.

పుస్తకం వెనక జవాబు చూసి ప్రశ్నను ఊహించవచ్చు కదా అంటే, అదీ నమ్మదగిన దారి కాదు. ఇదే 9 మందిని వరుసలో అబ్బాయి, అమ్మాయి, అబ్బాయి అని ఒకరి తర్వాత ఒకరు వచ్చేలా కూర్చోబెడితే 5!×4!, అదీ 2,880యే. గుండ్రటి బల్ల లెక్కకూ దీనికీ జవాబు ఒకటే అయింది. జవాబు కలిసిందని ఊహించిన ప్రశ్నే అసలు ప్రశ్న అనుకుంటే పొరపాటు ఎక్కడా బయటపడదు.

పై లైను ఉన్నా షరతును వదులుగా రాస్తే మరో చిక్కు. “అమ్మాయిలు కలిసి కూర్చోకూడదు” అని పంపుతారు. ఏ ఇద్దరూ పక్కపక్కన ఉండకూడదనా, నలుగురూ ఒకే గుంపుగా ఉండకూడదనా? మొదటిది వరుసలో 43,200. రెండోదానికి మొత్తం 9! నుంచి నలుగురూ ఒకేచోట ఉన్న 6!×4! తీసేయాలి: 3,62,880 – 17,280 = 3,45,600. ఎనిమిది రెట్లు తేడా! “ఏ ఇద్దరూ”, “నలుగురూ ఒకేచోట” అన్న మాటలు ఇలాంటి లెక్కల్లో అంకెలంత ముఖ్యం. వాటిని కుదించకూడదు.

నాకు అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి, షరతు పక్కనే కుదిరే అమరిక ఒకటి, కుదరనిది ఒకటి టైప్ చేయడం. తెలుగులో అబ్బాయికీ అమ్మాయికీ మొదటి అక్షరం ఒకటే కాబట్టి B, G వాడదాం. BGGBBGBGB కుదరదంటే, అమ్మాయిలందరూ ఒకే గుంపు కాకపోతే చాలన్న అర్థం పోతుంది. GBGBBGBGB కుదురుతుందంటే, ఒకరి తర్వాత ఒకరు రావాలన్న అర్థమూ పోతుంది. రెండు చిన్న వరుసలతో మూడు అర్థాల్లో ఒకటే మిగిలింది. కనీసం, గరిష్ఠంగా, సరిగ్గా అనే మాటలున్న లెక్కలకూ ఇదే పనికొస్తుంది.

అప్పుడు పంపాల్సిన ప్రశ్న ఇలా ఉంటుంది: “5 మంది అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు, అందరూ వేర్వేరు వ్యక్తులు. ఒకే వరుసలో 9 కుర్చీలు, అందరూ కూర్చోవాలి. ఏ ఇద్దరు అమ్మాయిలూ పక్కపక్కన ఉండకూడదు, అబ్బాయిలు ఉండొచ్చు. GBGBBGBGB కుదురుతుంది, BGGBBGBGB కుదరదు. ఎన్ని రకాలు?”

“వేర్వేరు వ్యక్తులు” అనడం అనవసరం అనిపించవచ్చు. మనుషులకు బదులు ఒకేలాంటి 5 నీలం బంతులు, ఒకేలాంటి 4 ఎర్ర బంతులు పెట్టి, ఏ రెండు ఎర్ర బంతులూ పక్కపక్కన రాకూడదంటే, 6 ఖాళీల్లో నాలుగింటిని ఎంచుకోవడమే పని. జవాబు 15.