రుణాత్మక లక్షణాలపై యాంటీసైకోటిక్ ఔషధాలు: నెట్‌వర్క్ మెటా-విశ్లేషణలో సంక్రమణ ధర్మం, ర్యాంకులు

ఉపోద్ఘాతం:
స్కిజోఫ్రీనియాలో మాట తగ్గడం, ముఖంలో భావం పలకకపోవడం, చొరవ లోపించడం, నలుగురికీ దూరం కావడం వంటివి రుణాత్మక లక్షణాలు. ఉండవలసినది లోపించడమే ఇక్కడ ‘రుణాత్మకం’. వీటిపై ఏ ఔషధం మెరుగైనదో తేల్చడానికి అన్ని ఔషధాలనూ ముఖాముఖి పోల్చిన ప్రయోగాలు లేవు. నెట్‌వర్క్ మెటా-విశ్లేషణ ఆ లోటును పరోక్షంగా పూరిస్తుంది: ‘అ’, ‘ఆ’ ఔషధాలు రెండింటినీ వేర్వేరుగా ప్లాసిబోతో పోల్చి ఉంటే, ఆ ఫలితాల భేదమే ‘అ’, ‘ఆ’ల మధ్య భేదానికి అంచనా అవుతుంది.

సంక్రమణ ధర్మం:
ఈ తీసివేతకు ఒక షరతు ఉంది. ఫలితాన్ని మార్చగల రోగి స్థితి, మోతాదు, కాలవ్యవధి వంటి అంశాలు రెండువైపుల ప్రయోగాలలోనూ పోల్చదగినవిగా ఉండాలి. అమిసల్‌ప్రైడ్‌ను తీవ్రదశలో సాధారణంగా రోజుకు 400-800 మి.గ్రా. ఇస్తారు; రుణాత్మక లక్షణాలే ప్రధానంగా ఉన్నవారిలో 50-300 మి.గ్రా. సరిపోతుంది. పేరొకటే అయినా ఈ రెండింటినీ ఒకే బిందువుగా కలిపితే షరతు దెబ్బతింటుంది.

రోగుల ఎంపిక మరింత కీలకం. 2019లో లాన్సెట్‌లో వెలువడిన హూన్ బృందం విశ్లేషణలో రుణాత్మక లక్షణాల తగ్గుదలలో క్లోజపిన్ అగ్రస్థానంలో నిలిచింది (ప్లాసిబోతో భేదం -0.62; 95% అవధి -0.84 నుండి -0.39). అయితే రుణాత్మక లక్షణాలు ప్రధానంగా ఉన్నవారిపై జరిగిన ప్రయోగాలను ఆ విశ్లేషణ మినహాయించింది. తీవ్రదశలో అనుమానాలు, భ్రాంతులు తగ్గితే రోగి మళ్లీ నలుగురిలో కలుస్తాడు. కొలమానంపై అదీ రుణాత్మక లక్షణాల తగ్గుదలగానే నమోదవుతుంది. కనుక ఆ సంఖ్య ప్రాథమిక రుణాత్మక లక్షణాలపై ప్రభావానికి రుజువు కాదు. 2017లో నేమెత్ బృందం ప్రధానంగా రుణాత్మక లక్షణాలున్న 461 మందిపై 26 వారాలపాటు కారిప్రజిన్‌ను రిస్పెరిడోన్‌తో నేరుగా పోల్చింది. కారిప్రజిన్‌కు లభించిన ఆధిక్యం (ప్రభావ పరిమాణం సుమారు 0.3) చిన్నదే అయినా, ప్రశ్నకు దగ్గరి సమాధానం ఇదే.

ర్యాంకుల పరిమితి:
ఒక ఊహాత్మక ఉదాహరణ చూడవచ్చు. ప్లాసిబోపై ‘అ’ ప్రయోజనం 0.60, ప్రమాణ దోషం 0.12, ‘ఆ’ ప్రయోజనం 0.40, ప్రమాణ దోషం 0.16. భేదం 0.20. ప్రయోజనాలను తీసివేసినా దోషాల వర్గాలు కూడతాయి. వాటి మొత్తానికి వర్గమూలం 0.20. అంటే 95% అవధి -0.19 నుండి 0.59 వరకు. ర్యాంకుల పట్టికలో ‘అ’ ముందుంటుంది. కానీ ‘ఆ’ కంటే అది మెరుగని ఈ ఆధారంతో చెప్పలేం. SUCRA విలువ స్థానక్రమాన్ని చూపుతుంది. స్థానాల మధ్య దూరాన్ని గాని, ప్రయోగాల నాణ్యతను గాని చూపదు.

ముగింపు:
ప్రత్యక్ష, పరోక్ష అంచనాలు పొసగుతున్నాయా అని పరీక్షించాలంటే నెట్‌వర్క్‌లో ఆ రెండూ లభించే మూసిన వలయం ఉండాలి. అది లేనిచోట సంక్రమణ ధర్మం పరిశోధకుని వివేచనపైనే నిలుస్తుంది. అందుచేత ర్యాంకు చూడడానికి ముందే ప్రయోగాలలో ఎవరు పాల్గొన్నారు, ఏ మోతాదులో, ఎంతకాలం అన్నవి పరిశీలించడం అవసరం.