ఇష్టం ఉంది, వేళ కుదరలేదు: టారోలో ఆ మాట ఎక్కడ కనిపిస్తుంది?

టారో చదివేవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ‘ఇద్దరికీ ఇష్టమే, మరి ఎందుకు ముందుకు సాగడంలేదు?’ దీనికి ‘టైమ్ బాగాలేదు’ అనడం చాలా తేలిక. ఆ మాటకు ఆధారం పరిచిన కార్డుల్లో కనిపించాలి.

ఒకమ్మాయి కోసం ఐదు కార్డులు పరిచారనుకుందాం. ఆమె స్థానంలో క్వీన్ ఆఫ్ కప్స్, అతని స్థానంలో నైట్ ఆఫ్ పెంటకల్స్, ఇద్దరి మధ్య టూ ఆఫ్ కప్స్, అడ్డంకిగా టెన్ ఆఫ్ వాండ్స్, చివర సెవెన్ ఆఫ్ పెంటకల్స్ వచ్చాయి. ఎ.ఇ. వెయిట్ ఆలోచనకు పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలు గీయగా 1909లో లండన్‌లో వెలువడిన 78 కార్డుల కట్టలో ఇవి ఎలా ఉంటాయో చూద్దాం. అంకెల కార్డులకు కూడా ఆమె మనుషులతో దృశ్యాలు గీసింది కాబట్టే వీటిని బొమ్మను బట్టి చదవగలుగుతున్నాం.

టూ ఆఫ్ కప్స్‌లో యువకుడూ యువతీ ఎదురెదురుగా నిలబడి చెరో పాత్ర పట్టుకుని ఉంటారు. ఇష్టం రెండువైపులా ఉందనడానికి ఇంతకంటే సూటి కార్డు లేదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి సంబరపడతారు. అతని కార్డులో గుర్రం కదలకుండా నిలబడి ఉంది. నలుగురు నైట్లలో గుర్రం నిలిచిపోయింది ఇతనికే. అతను మనసు మార్చుకునే రకం కాదు, అలాగని తొందరపడే రకమూ కాదు. టెన్ ఆఫ్ వాండ్స్‌లో మనిషి పది కర్రల మోపు ఎత్తుకుని, ముందేముందో కనబడనంతగా వంగి నడుస్తున్నాడు. ఇంటి అప్పో, చెల్లి పెళ్లో, కొత్త ఉద్యోగమో, ఏదో ఒక బరువు అతని మీద ఉందన్నమాట. వేళ కుదరలేదనడానికి ఆధారం ఈ కార్డే. దీని చోట ఫోర్ ఆఫ్ కప్స్ వచ్చి ఉంటే, అందిస్తున్న పాత్రను చూడకుండా చేతులు కట్టుకు కూర్చున్న మనిషి కనిపించేవాడు. అప్పుడు సమస్య వేళది కాదు, ఆసక్తిది.

ఆగమని చెప్పే కార్డులన్నీ ఒకే రకంగా ఆగమనవు. సెవెన్ ఆఫ్ పెంటకల్స్‌లో రైతు పనిముట్టు మీద ఆనుకుని కాపుకొచ్చిన మొక్కను చూస్తున్నాడు. పని చేశాడు, ఇంకా కోత వేళ కాలేదు. హ్యాంగ్డ్ మ్యాన్ అయితే తలకిందులుగా వేలాడుతున్నా ముఖం ప్రశాంతంగా ఉంటుంది. తొందర మానుకుని విషయాన్ని వేరేగా చూడమంటుంది ఆ కార్డు. ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్ విశ్రాంతిని సూచిస్తుంది. అలిసిన మనిషిని కదిలించవద్దంటుంది.

ఎన్నాళ్లు ఆగాలో మాత్రం వీటిలో ఏదీ చెప్పదు. వారాలు, నెలలు లెక్కకట్టే పద్ధతులున్నాయి గానీ అవి ఒకదానితో ఒకటి పొసగవు. నచ్చిన జవాబు వచ్చేదాకా మళ్లీమళ్లీ కార్డులు తీస్తే మొదటి స్ప్రెడ్ చెప్పిందీ మసకబారుతుంది. అవతలి మనిషి మనసులోది కార్డుకు తెలుస్తుందనడానికి రుజువేమీ లేదు. కాబట్టి ఆ మోపు ఏమిటో, ఎప్పుడు దిగుతుందో అతన్నే అడగండి.