డెబ్బై అక్షరాల్లో ఒక ప్రకటన

మొబైల్‌లో వచ్చే ఒక ఎస్సెమ్మెస్‌కు 140 బైట్ల చోటు మాత్రమే ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి అందులో 160 అక్షరాలు పడతాయి. తెలుగు అక్షరానికి 16 బిట్లు కావాలి, అందుకే 70తోనే చోటు నిండిపోతుంది. ఇంగ్లిష్ సందేశం మధ్యలో ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తానికీ 70 పరిమితే వర్తిస్తుంది. పరిమితి దాటితే సందేశం ముక్కలవుతుంది. ముక్కలను తిరిగి కలిపే సమాచారానికీ చోటు కావాలి కనుక అప్పుడు ఒక్కో ముక్కలో 67 అక్షరాలే మిగులుతాయి. ఒకేసారి వేలమందికి పంపే సంస్థలకు ప్రతి ముక్కకూ విడిగా ఖర్చు పడుతుంది.

లెక్కించే తీరు తెలియకే చాలామంది పొరబడతారు. ఫోను గుణింతాన్ని, ఒత్తును, సున్నాను విడివిడిగా లెక్కిస్తుంది. కంటికి ఒకటిగా కనిపించే ‘స్త్రీ’ దాని లెక్కలో 6.

నీటి సరఫరా ప్రకటన ఒకటి ఇలా ఉందనుకుందాం: ‘పైపులైను మరమ్మతుల కారణంగా రేపు ఉదయం 6 గంటల నుంచి సాయంత్రం 4 గంటల వరకు గాంధీనగర్‌లో మంచినీటి సరఫరా ఉండదు. ప్రజలు సహకరించగలరు.’ ఇది 124 అక్షరాలు, అంటే రెండు ముక్కలు. అసలు లోపం పొడవు కాదు, వరస. మొదటి 70 అక్షరాలు ‘వరకు’ దగ్గరే అయిపోతాయి. ఏ పేటకు, ఏం ఆగిపోతుందన్నది ఇంకా రానేలేదు. ఫోను తెరమీద మొదటి పంక్తే చూసి వదిలేసేవారికి ఈ ప్రకటన అందనట్టే.

కుదించే ముందు తేల్చుకోవలసింది ఒకటే: ఏ మాట లేకపోతే చదివినవారికి నష్టం? పేట, తేదీ, వేళ, నీళ్లు రావన్న సంగతి తప్పనిసరి. కారణం తెలిస్తే మంచిదే గానీ, అది చివరికి వెళ్లవచ్చు. సహకరించమన్న వాక్యంలో సమాచారమే లేదు, తీసేయవచ్చు. ‘సరఫరా ఉండదు’కు 11 అక్షరాలు పడితే ‘రాదు’కు 4 చాలు. ‘రేపు’కు బదులు తేదీ వేస్తే ఒక అక్షరం కలిసిరావడమే కాదు, సందేశం అర్ధరాత్రి దాటాక చేరినా అర్థం మారదు.

‘గాంధీనగర్: 12న ఉ.6 నుంచి సా.4 వరకు మంచినీరు రాదు. పైపు మరమ్మతు.’

ఇది 63 అక్షరాలు, ఒకే ముక్క. మరీ ఇరుకైతే కారణం తీసేయవచ్చు, అప్పుడు 49కి దిగుతుంది.

‘ఉ.’, ‘సా.’ అందరికీ అలవాటైన పొట్టిమాటలు. పేట పేరును అలా పొట్టి చేస్తే మాత్రం పక్క పేటవాళ్లూ తమదే అనుకోవచ్చు. తెలుగును ఇంగ్లిష్ లిపిలో రాస్తే 160 అక్షరాలు దక్కుతాయి గానీ, తెలుగు మాత్రమే చదవగలిగిన వారికి ఆ సందేశం ఉన్నా లేనట్టే. పేట, తేదీ, వేళ 70లో పట్టకపోతే వాటిలో దేన్నీ కోయకుండా రెండు ముక్కలుగా పంపడమే సరైన పని.