ఓనర్ అంకుల్‌కు ట్యాప్ మెసేజ్

హైదరాబాద్ అద్దె ఇళ్లలో ఓనర్‌కు వెళ్లే వాట్సాప్ మెసేజ్ తరచూ సగం తెలుగు, సగం ఇంగ్లిష్. ‘ట్యాప్ లీక్ అవుతోంది’ అని ఊరుకుంటే ప్లంబర్‌కు ఏమీ తెలియదు. ఇలా రాస్తే పని తేలిక:

‘అంకుల్, గుడ్ మార్నింగ్! కిచెన్ సింక్ ట్యాప్ టైట్‌గా కట్టేసినా డ్రిప్ అవుతోంది. రాత్రి బకెట్ పెడితే 8 గంటల్లో 7 లీటర్లు వచ్చాయి. సండే ప్లంబర్‌ను పంపిస్తారా? మేం ఇంట్లోనే ఉంటాం. థాంక్యూ అంకుల్!’

అంటే సుమారు సెకనుకో చుక్క. రోజుకు 20 లీటర్ల వాటర్ క్యాన్ నిండేంత నీళ్లు.

చుక్క ఎక్కడి నుంచి పడుతోందో కూడా చెప్పాలి. పాతకాలపు తిప్పుడు ట్యాప్‌లో మూతి దగ్గర కారితే సాధారణంగా లోపలి వాషర్ అరిగినట్టు. పిడి కింద ఊరితే ప్యాకింగ్ వదులైనట్టు. సగం తిప్పితే చాలే కొత్త రకాల్లో వాషర్ ఉండదు, కార్ట్రిడ్జ్ మార్చాలి. అందుకే మెసేజ్‌తో పాటు ట్యాప్ ఫొటో పంపితే ప్లంబర్ సరైన సామానుతోనే వస్తాడు.