విజయవాడ ఎందుకు కీలకం? ఒక్క చుట్టులో తేలే లెక్క

కోస్తా రైలు పటంలోంచి ఎనిమిది స్టేషన్లను మాత్రమే విడిగా గీసుకుందాం. గుంటూరు, తెనాలి, విజయవాడ మూడూ ఒకదానితో ఒకటి కలిసి ఒక ముక్కోణం. తెనాలి నుంచి రేపల్లెకు ఒక కొమ్మ. విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం, నిడదవోలు మీదుగా మళ్లీ విజయవాడకు చేరే పెద్ద చుట్టు. గుడివాడ నుంచి మచిలీపట్నానికి మరో కొమ్మ. మొత్తం తొమ్మిది దారులు. మధ్యలోని ఊళ్లనూ, బయటికి పోయే లైన్లనూ వదిలేద్దాం.

ఇందులో ఏ ఒక్క దారి తెగితే పటం రెండు ముక్కలవుతుంది? అలాంటి దారిని బ్రిడ్జ్ అంటారు. ఏ ఒక్క స్టేషన్ మూతపడితే మిగిలినవి విడిపోతాయి? అది ఆర్టిక్యులేషన్ పాయింట్. ఒక్కో దారినీ, ఒక్కో స్టేషన్‌నూ తీసేసి ప్రతిసారీ పటమంతా తిరిగి చూడొచ్చు. కానీ లక్ష దారులున్న నెట్‌వర్క్‌లో అలా చేస్తే లక్షసార్లు మొదటి నుంచీ తిరగాలి. రాబర్ట్ టార్జన్ 1972లో ప్రచురించిన వ్యాసం డెప్త్ ఫస్ట్ సెర్చ్ అనే నడకతో ఇలాంటి చిక్కులు ఎలా విప్పవచ్చో చూపింది. ఆ నడకలో పటమంతా ఒక్కసారి తిరిగితే చాలు.

నియమం ఒకటే: కొత్త స్టేషన్ కనిపించినంత వరకు ముందుకు పోవాలి, దారి లేకపోతే వచ్చిన దారినే వెనక్కి రావాలి. మొదటిసారి అడుగుపెట్టిన వరుసలో నంబరు వేయాలి. ఈ నంబరే `disc`. గుంటూరు 1, తెనాలి 2, రేపల్లె 3. అక్కడితో దారి ఆగింది కాబట్టి తెనాలికి తిరిగొచ్చి విజయవాడ 4, గుడివాడ 5, మచిలీపట్నం 6. మళ్లీ గుడివాడకొచ్చి భీమవరం 7, నిడదవోలు 8.

రెండో అంకె `low`. ఒక స్టేషన్ నుంచి ఈ నడక దారుల్లోనే ఎంత ముందుకైనా పోయి, చివర్లో మనం నడవని దారి ఒక్కటి పట్టి వెనక్కి మళ్లితే, అందే అతి చిన్న నంబరు అది. అసలు కదలకుండా ఉన్నచోటే ఉంటే సొంత నంబరే. నిడదవోలు నుంచి విజయవాడకు నడవని దారి ఉంది కాబట్టి దాని `low` 4. భీమవరం, గుడివాడ కూడా నిడదవోలు మీదుగా అదే 4ను అందుకుంటాయి. విజయవాడ నుంచి నేరుగా గుంటూరుకు దారి ఉంది కాబట్టి దాని `low` 1. తెనాలికీ అంతే. రేపల్లెకు 3, మచిలీపట్నానికి 6. వాటికి వెనుక దారే లేదు.

ఇప్పుడు `u` నుంచి `v`లోకి కొత్తగా అడుగుపెట్టిన ప్రతి చోటా రెండు పరీక్షలు. మొదటిది బ్రిడ్జ్‌కి, రెండోది ఆర్టిక్యులేషన్ పాయింట్‌కి.

```
low[v] > disc[u]
low[v] >= disc[u]
```

రేపల్లె 3, తెనాలి 2. మూడు పెద్దది కాబట్టి తెనాలి–రేపల్లె దారి బ్రిడ్జ్, తెనాలి ఆర్టిక్యులేషన్ పాయింట్. గుడివాడ–మచిలీపట్నం విషయంలోనూ 6, 5తో ఇదే తీర్పు.

అసలు రుచి విజయవాడ దగ్గర ఉంది. గుడివాడ `low` 4, విజయవాడ `disc` కూడా 4. సమానమే గానీ పెద్దది కాదు. అందుకే ఆ దారి తెగినా నష్టం లేదు, నిడదవోలు మీదుగా చుట్టి రావచ్చు. కానీ ఆ చుట్టు ఎంత తిరిగినా విజయవాడ కన్నా ముందు చూసిన స్టేషన్‌ను తాకలేదు. విజయవాడ మూతపడితే గుడివాడ వైపు వాళ్లకు గుంటూరు అందదు. బ్రిడ్జ్ ఒక్కటీ ఆనుకుని లేకపోయినా అది ఆర్టిక్యులేషన్ పాయింటే. ఆ తేడా అంతా ఒక్క సమాన గుర్తులో ఉంది.

నడక మొదలైన స్టేషన్‌కు ఈ రెండో పరీక్ష పనికిరాదు. దాని నంబరు 1, అంతకన్నా చిన్నది లేదు కాబట్టి పరీక్ష ఎప్పుడూ అవుననే అంటుంది. రేపల్లె నుంచి బయల్దేరితే ఆ చివరి స్టేషన్ కూడా ఆర్టిక్యులేషన్ పాయింట్‌గా తేలుతుంది. అందుకే అక్కడ వేరే నియమం: మొదటి స్టేషన్ నుంచి రెండు లేదా అంతకన్నా ఎక్కువ సార్లు కొత్తగా బయల్దేరాల్సి వస్తేనే అది ఆర్టిక్యులేషన్ పాయింట్. గుంటూరు నుంచి ఒక్కసారి, తెనాలి వైపు మాత్రమే బయల్దేరాం. కాబట్టి గుంటూరు కాదు.

ప్రోగ్రామ్ రాసేవాళ్లు తరచూ జారే చోటు ఇంకొకటుంది. వెనుక దారి దొరికినప్పుడు అవతలి స్టేషన్ `disc` తీసుకోవాలి. బదులుగా దాని `low` తీసుకుంటే ఏమవుతుందో చూడండి. విజయవాడ `low` అప్పటికే 1 అయి ఉంటే నిడదవోలుకూ 1 వస్తుంది, అక్కడి నుంచి గుడివాడకూ 1. ఒకటి నాలుగు కన్నా చిన్నది కాబట్టి విజయవాడ జాబితాలోంచి జారిపోతుంది. బ్రిడ్జ్‌లు మాత్రం సరిగ్గానే వస్తాయి, అందుకే ఈ తప్పు చాలాకాలం కంటపడదు. పట్టుకోవాలంటే రెండు చుట్లు ఒకే చుక్క దగ్గర కలిసే చిన్న పటం ఇచ్చి చూడాలి.

ఇక వచ్చిన దారిని వెనుక దారిగా లెక్కపెట్టకూడదు. దాన్ని స్టేషన్ పేరుతో కాకుండా దారి నంబరుతో గుర్తుపెట్టుకోవడం మేలు. తెనాలి–రేపల్లె మధ్య రెండు వేర్వేరు దారులున్నాయనుకోండి. పేరు చూసి తెనాలి వైపు దారులన్నీ వదిలేస్తే రెండోది లెక్కలోకి రాదు, లేని బ్రిడ్జ్ ఉన్నట్టు చూపిస్తుంది. నంబరు చూసి ఒక్కదాన్నే వదిలితే రేపల్లె `low` 2కు దిగుతుంది, ఏ ఒక్క దారీ బ్రిడ్జ్ కాదు. తెనాలి మాత్రం అప్పుడూ ఆర్టిక్యులేషన్ పాయింటే.