పాన్‌కేక్ తిరగేసే వేళ

అమెరికా ఇళ్లలో ఉదయం ఫలహారానికి పెనం మీద వేసే పాన్‌కేక్ పైకి మన అట్టును పోలినా, పొంగే తీరులో దానికీ దీనికీ చాలా తేడా ఉంది. దోసెపిండి రాత్రంతా పులిసి గాలిని కూర్చుకుంటుంది. పాన్‌కేక్ పిండి పులిసేది కాదు. అందులోని వంట సోడా పుల్లని మజ్జిగతో కలవగానే కార్బన్ డయాక్సైడ్ పుట్టడం మొదలవుతుంది. దోసెలా దీన్ని పలచగా పరచరు. పోసిన చోటే అర అంగుళం మందాన ఉబ్బి ఉడకాలి. లోపలి గాలి తప్పించుకునేలోగా దాని చుట్టూ ఉన్న పిండి గట్టిపడితే పాన్‌కేక్ మెత్తగా, గుల్లగా వస్తుంది. లేకపోతే చప్పిడి రొట్టెలా మిగులుతుంది. పిండిని కాసేపు ఉంచడం, పెనం వేడి చూసుకోవడం, సమయానికి తిప్పడం, ఈ మూడు పనులూ ఆ గాలిని నిలబెట్టుకోవడానికే.

ఎనిమిది, పది పాన్‌కేక్‌లకు సరిపడే కొలత ఇది. ఒకటిన్నర కప్పుల మైదా, రెండు టేబుల్ స్పూన్ల పంచదార, ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ వంట సోడా, అర టీస్పూన్ ఉప్పు ఒక గిన్నెలో కలపాలి. మరో గిన్నెలో ఒకటిన్నర కప్పుల బటర్‌మిల్క్, ఒక గుడ్డు, రెండు టేబుల్ స్పూన్ల కరిగిన వెన్న గిలక్కొట్టాలి. అమెరికా దుకాణాల్లో దొరికే బటర్‌మిల్క్ మన మజ్జిగ కంటే బాగా చిక్కన. అది దొరకని చోట పుల్లటి గడ్డపెరుగులో కొద్దిగా నీళ్లు పోసి చిలికితే దాదాపు అదే చిక్కదనం, అదే పులుపు వస్తాయి. పలుచని మజ్జిగ పోస్తే మాత్రం పిండి పెనమంతా పారుతుంది.

తడి పదార్థాలను మైదాలో పోశాక పదీ పదిహేను సార్లు తిప్పితే చాలు. పొడిపిండి కనబడకుండా పోతే అక్కడితో ఆపేయాలి, చిన్న చిన్న ఉండలు మిగిలినా సరే. ఇడ్లీ, దోసె పిండిని నునుపుగా కలిపే అలవాటున్న చేతికి ఇది కష్టంగా తోస్తుంది. కానీ మైదా తడిసాక ఎంత కలిపితే అంత గ్లూటెన్ పేరుకుంటుంది. ఆ సాగుడు వల్ల పాన్‌కేక్ రబ్బరులా గట్టిబడుతుంది, లోపలి బుడగలు పెరగలేవు.

కలిపిన పిండిని పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఆ సమయంలో మైదా రేణువులు నీటిని పీల్చుకుంటాయి, ఉండలు నాని మెత్తబడతాయి, కలిపేటప్పుడు బిగుసుకున్న గ్లూటెన్ పోగులు సడలుతాయి. పిండి కాస్త చిక్కబడి, గరిటె నుంచి తెగకుండా బరువుగా జారుతుంది. ఇంతకంటే ఎక్కువసేపు ఉంచితే నష్టమే. సోడా చర్య కలిపిన క్షణంలోనే మొదలవుతుంది కనుక, పుట్టిన గాలి మెల్లగా పైకి పోతూనే ఉంటుంది. బేకింగ్ పౌడర్ కొంత బలాన్ని వేడి తగిలేదాకా దాచుకుంటుంది కాబట్టి మొత్తం చేజారదు. అయినా అరగంట దాటితే పాన్‌కేక్ ఎత్తు తగ్గిపోవడం కంటికే తెలుస్తుంది. నానిన పిండిని మళ్లీ కలపకూడదు. అంచు నుంచి గరిటెతో అలాగే తీసుకోవాలి.

పిండి నానుతుండగా పెనం కాగాలి. మందపాటి ఇనప పెనం మధ్యస్థమైన సెగ మీద సమంగా వేడెక్కడానికి అయిదు నుంచి పది నిమిషాలు పడుతుంది. పెద్ద సెగ పెట్టి తొందరపెడితే మధ్యలో మాడి, అంచుల్లో చల్లగా ఉంటుంది. పాన్‌కేక్‌కు కావలసిన వేడి సుమారు 190 డిగ్రీల సెల్సియస్. థర్మామీటర్ లేని వంటింట్లో దీన్ని చెప్పగలిగేది నీటిచుక్కే.

నూనె రాయకముందే, పొడిగా ఉన్న పెనం మీద రెండు మూడు చుక్కలు చిలకరించాలి. చుక్క కదలకుండా కూర్చుని నెమ్మదిగా ఆవిరైతే పెనం ఇంకా కాగలేదు. పడ్డచోటే పరుచుకుని సుయ్యిమంటూ మరిగిపోతే వేడి నూరు డిగ్రీలు దాటినట్టే గానీ చాలదు. చుక్క చిన్న పూసలుగా విడిపోయి, అటూ ఇటూ గెంతుతూ కొద్ది సెకన్లలో మాయమైతే పిండి పోయవచ్చు. చుక్క గుండ్రంగా ముడుచుకుని, పెనాన్ని తాకనట్టుగా చాలాసేపు దొర్లుతూ ఉంటే వేడి మితిమీరింది. సెగ తగ్గించి ఒకటి రెండు నిమిషాలు ఆగాలి.

ఎక్కువ వేడిలో చుక్క త్వరగా ఆరిపోవాలి కదా, ఎక్కువసేపు ఎందుకు నిలుస్తుంది? బాగా కాగిన లోహాన్ని సమీపించగానే చుక్క అడుగు ఆవిరై పలుచని పొరగా పరుచుకుంటుంది. చుక్క ఆ పొర మీద తేలుతుంది. ఆవిరి వేడిని సరిగా అందనివ్వదు కనుక పైనున్న నీరు నెమ్మదిగా తరుగుతుంది. జర్మనీకి చెందిన వైద్యుడు యోహాన్ గాట్లోబ్ లైడెన్‌ఫ్రాస్ట్ ఎర్రగా కాల్చిన ఇనప గరిటెలో నీటిచుక్క వేసి దీన్ని పరిశీలించి 1756లో గ్రంథస్థం చేశాడు. ఆయన పేరుతోనే దీన్ని లైడెన్‌ఫ్రాస్ట్ ప్రభావం అంటున్నారు.

ఈ పరీక్ష చుక్క పడిన చోటు సంగతే చెబుతుంది కాబట్టి, పెద్ద పెనమైతే మధ్యలోనూ అంచులోనూ విడిగా చూడాలి. నాన్‌స్టిక్ పెనం మీద చల్లగా ఉన్నప్పుడు కూడా నీరు పూసకడుతుంది కనుక అక్కడ చుక్క ఆకారాన్ని నమ్మకుండా, అది చిటపటలాడి ఎంత త్వరగా ఆరిందో గమనించాలి. దోసె వేసేవారు కూడా పెనం మీద నీళ్లు చల్లుతారు గానీ, అది పెనాన్ని కాస్త చల్లార్చి పిండి అంటుకోకుండా పరచడానికి. పాన్‌కేక్‌ను పరిచే పని లేదు కనుక ఆ చల్లార్పు అక్కర్లేదు.

వేడి కుదిరాక నూనెలో తడిపిన గుడ్డతో పెనాన్ని తుడిచినట్టుగా రాయాలి. నూనె మడుగుకడితే పాన్‌కేక్ అడుగు సమంగా కాలక మచ్చలు పడుతుంది. మొదటి పాన్‌కేక్ తరచూ మచ్చలతో రావడానికి సాధారణ కారణం ఇదే. తర్వాత పావుకప్పు పిండి ఒకేచోట పోసి వదిలేయాలి.

నిమిషం గడిచేసరికి పైన బుడగలు లేస్తాయి. మొదట్లో అవి పగిలినా, ఇంకా పలచగా ఉన్న పిండి ఆ గుంటల్లోకి జారి పూడ్చేస్తుంది. బుడగలు కనబడ్డాయని అప్పుడే తిప్పితే పచ్చిపిండి పక్కలకు చిమ్ముతుంది, లోపల జిగట మిగులుతుంది. అంచు దగ్గర పగిలిన బుడగలు పూడకుండా చిల్లులుగా నిలిచి, ఆ అంచు మెరుపు పోయి ఆరినట్టు కనిపించినప్పుడు తిప్పాలి. మధ్యభాగం అప్పటికి కొంచెం తడిగానే ఉంటుంది. సరైన వేడిలో ఇది రెండు, రెండున్నర నిమిషాల మీద వస్తుంది. పైభాగమంతా ఆరి చిల్లులు పడేదాకా ఆగితే గాలి అప్పటికే పోయి ఉంటుంది. తిప్పాక రెండో వైపు ఉబ్బదు.

గడియారం కంటే పైభాగాన్నీ అడుగునూ కలిపి చూడటం మేలు. అట్లకాడతో అంచు కొద్దిగా ఎత్తితే, పైన చిల్లులు నిలిచే వేళకు అడుగు బంగారు గోధుమరంగులో ఉండాలి. పైన బుడగలు నిలవకముందే అడుగు ముదురురంగుకు తిరిగితే పెనం వేడి ఎక్కువ. చిల్లులు పడి కూడా అడుగు తెల్లగా ఉంటే వేడి తక్కువ. మొదటి పాన్‌కేక్‌తో ఈ లెక్క తేలిపోతుంది, సెగను దాన్నిబట్టి సర్దుకోవచ్చు.

అట్లకాడను పూర్తిగా కిందికి తోసి, ఎత్తు లేపకుండా మణికట్టుతో ఒక్కసారి తిప్పాలి. తర్వాత అదమకూడదు, అదిమితే నిలబెట్టిన గాలంతా బయటికి పోతుంది. రెండో వైపు నిమిషం, నిమిషంన్నరలో కాలుతుంది. ఆ వైపు ఎగుడుదిగుడుగా ఉండి పెనాన్ని అక్కడక్కడే తాకుతుంది కనుక మొదటి వైపులా ఏకరంగు రాదు, మచ్చలు మచ్చలుగానే ఉంటుంది. పక్క అంచును వేలితో తాకితే లోపలికి పోయి తిరిగి లేస్తే ఉడికినట్టు. వాయి వాయికీ పెనం ఇంకా వేడెక్కుతుంది కాబట్టి మూడో వాయికల్లా సెగ కాస్త తగ్గించాలి. దించినవాటిని ఒకదాని మీద ఒకటి పేరిస్తే వాటి ఆవిరికి కిందివి తడిసి ముద్దవుతాయి. అందరూ ఒకేసారి తినాలనుకుంటే తీగల స్టాండు మీద ఒకే వరుసలో పరచి, 95 డిగ్రీల వేడిలో ఉంచిన ఒవెన్‌లో పెట్టుకోవచ్చు.